గోరు పడే గీత, గోరు పడని గీత

లాప్‌టాప్ మూతని ట్యూబులైటు కింద తిన్నగా పట్టుకుంటే ఏ గీతా కనపడదు. కాస్త పక్కకి వంచి, వెలుతురు దాని మీద ఏటవాలుగా జారేలా పట్టుకోవాలి. అప్పుడు ఒక్కొక్కటే బయటపడతాయి. బ్యాగులోంచి తీసి పెట్టీ తీసి పెట్టీ పడ్డ వెంట్రుకల్లాంటి గీతలు, పాత కంపెనీ స్టిక్కరు పీకేసిన చోట జిగురు మరక, మూల మీద ఎక్కడో తగిలిన చిన్న సొట్ట. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, పాత లాప్‌టాప్‌లు అమ్మే కౌంటరు మాది. నా పనిలో సగం ఇలా మూతలు వంచి చూడటమే. మిగతా సగం, చూసింది చూసినట్టు రాయడం. మొదటి సగం నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. రెండోదానికి ఏళ్లు పట్టింది.

మాకొచ్చే సరుకులో ఎక్కువ భాగం లీజు మాల్. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం లాప్‌టాప్‌లు మూడేళ్లకో నాలుగేళ్లకో లీజుకి తీసుకుంటాయి. గడువు తీరగానే వందల కొద్దీ ఒక్కసారిగా వెనక్కి వెళ్తాయి, లాట్లుగా చేతులు మారి మాలాంటి కౌంటర్లకు చేరతాయి. ఒకే మోడల్, ఒకే కంపెనీ నుంచి వచ్చినా ఏ రెండు పీసులూ ఒకలా ఉండవు. ఒకరు దాన్ని టేబుల్ మీంచి కదపకుండా మూడేళ్లు వాడి ఉంటారు. ఇంకొకరు బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఛార్జర్ వైరు మూతకీ కీబోర్డుకీ మధ్య ఇరికించి తిరిగి ఉంటారు. ఈ తేడాని కొనేవాడికి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. సమస్యంతా అక్కడే.

మార్కెట్టు దానికి కనిపెట్టిన దగ్గరిదారి ఒక్క అక్షరం: ఏ గ్రేడు, బీ గ్రేడు, సీ గ్రేడు. ఈ అక్షరాలకి ముద్ర వేసే ఆఫీసంటూ ఏదీ లేదు. ఎవరి ఏ గ్రేడు వాళ్లది. మా పక్క కౌంటరు బీ అన్నది నా దగ్గర సీ కావచ్చు. పైగా ఏ కింద ఏ మైనస్, ఏ పైన ఏ ప్లస్, ఈమధ్య ఏ ప్లస్ ప్లస్ కూడా చూశాను. రేపు ఇంకెన్ని ప్లస్‌లు పుడతాయో తెలీదు.

కొన్నేళ్ల కింద నేనూ ఆ తానులో ముక్కనే. సిద్దిపేట దగ్గర్నుంచి ఒకాయన కూతురి ఇంజనీరింగ్ చదువు కోసం ఫొటోలు చూసి డబ్బు పంపాడు. "ఏ గ్రేడు, లైక్ న్యూ, ఫుల్ వర్కింగ్" అని రాసి పంపించాను. మూడో రోజు ఫోను. "అన్నా, మంచిదన్నవ్ గదా, గిదేంది? తెల్లగ పెడితే మూలకు మచ్చ కనవడుతుంది. ఛార్జింగ్ గంటన్నర గూడ ఉంటలేదు. మా పోరి ఏడుస్తుంది." నేను మచ్చ చూశాను. మూత మీద గీతల్లేవు కాబట్టి ఏ గ్రేడు రాశాను, మచ్చ సంగతి అక్షరంలో పట్టలేదు. బ్యాటరీ సంగతి అసలు చూడనే లేదు. వెనక్కి తీసుకున్నాను, రానూ పోనూ కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ పీసుని ముందు పెట్టుకుని ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో అర్థమైంది. నేను ఒక్క అక్షరంతో రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాను. చూడ్డానికి ఎలా ఉంది అన్నది ఒక ప్రశ్న. ఎలా పని చేస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. మూత అద్దంలా ఉండి బ్యాటరీ చచ్చిన పీసు ఉంటుంది. మూత నిండా గీతలుండి లోపల గుర్రంలా పరుగెత్తే పీసూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ పాత సామాను వ్యాపారం కోసం తయారైన ఆర్2 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ రెంటినీ విడదీసే లెక్కిస్తుంది. చూపుకి ఒక వరస, పనితనానికి ఒక వరస. ఆ వరసల్లోని అంకెలు మన కొనుగోలుదారుకి అక్కర్లేదు కానీ, ఆ విడదీత మాత్రం నేను ఎత్తుకొచ్చి కౌంటర్లో పెట్టుకున్నాను. ఇప్పుడు మా దగ్గర అక్షరం చూపు గురించే. పనితనానికి అక్షరం లేదు, వాక్యాలే.

గోటి పరీక్ష

చూపుకి అక్షరం ఇవ్వడానికి నేను పాటించే పద్ధతి చాలా మోటుది, కానీ ఎవరు చేసినా ఒకే ఫలితం వస్తుంది. చేయి చాచినంత దూరంలో, అంటే సుమారు రెండడుగుల దూరంలో, మామూలు వెలుతురులో పట్టుకున్నప్పుడు ఏ గీతా కనపడకపోతే అది ఏ. ఏటవాలు వెలుతురులో వెంట్రుక గీతలు కనపడ్డా ఫర్వాలేదు. ఆ దూరం నుంచే గీత కనపడితే దాని మీద అడ్డంగా గోరు నడిపిస్తాను. గోరు ఆగకుండా జారిపోతే పైపూత మీది గీత, బీ. గోరు తట్టి ఆగితే పూత దాటి లోపలికి దిగిన గీత. అలాంటివి ఒకటి రెండు ఉంటే ఇంకా బీయే కానీ, ఎక్కడున్నాయో ఎంత పొడవో రాయాలి. సొట్ట, పగులు, ఊడిన ముక్క ఉంటే సీ. ఇక్కడ బేరం లేదు.

ఇంకో నియమం ఉంది, చాలామంది తప్పేది దీని దగ్గరే. గ్రేడు ఇచ్చేటప్పుడు సగటు తీయకూడదు. లాప్‌టాప్ ఒంటిని మా మార్కెట్లో నాలుగు ప్యానెళ్లుగా లెక్కపెడతాం. పై మూత ఏ ప్యానెల్, స్క్రీను చుట్టూ ఉండే చట్రం బీ, కీబోర్డు ఉన్న వైపు సీ, అడుగు డీ. వీటికీ గ్రేడు అక్షరాలకీ సంబంధం లేదు. ఆ పేర్లు ఎవరు పెట్టారో గానీ కొత్తవాళ్లని గందరగోళపెట్టడానికే పెట్టినట్టుంటాయి. మూడు ప్యానెళ్లు మెరుస్తూ ఒక దాని మూల పగిలితే, ఆ పీసు గ్రేడు ఆ పగిలినదాని గ్రేడే. ఎందుకంటే కొనేవాడు డబ్బా విప్పగానే కళ్లు పడేది పగులు మీదే. మిగతా మూడు ప్యానెళ్ల మెరుపు అప్పుడు వాడికి ఓదార్పు కాదు. రెండక్షరాల మధ్య ఊగిసలాట వస్తే కిందిదే రాస్తాను.

వినైల్ స్కిన్ అతికించిన పీసులకి ఈ పరీక్ష పనిచేయదు. గీతలున్న మూత మీద నల్లటి స్కిన్ వేస్తే కొత్తదానిలా ఉంటుంది, అందుకే లాట్లలో సగం అలాగే వస్తాయి. స్కిన్ వేయడం తప్పు కాదు. స్కిన్ వేసి ఏ గ్రేడు అని రాయడం తప్పు. "మూత మీద స్కిన్ ఉంది, కింద గీతలున్నాయి, గోరు పడే గీత ఒకటి" అని రాస్తే చాలు. రంగు వేసిన పీసుకీ అంతే. రంగు వేసిన మూత ఏ మూలనో ఇంకో ఛాయలో ఉంటుంది, మూత చట్రం కలిసే అంచున చూస్తే దొరికిపోతుంది.

ఒక్క పీసు, మొదట్నుంచి చివరిదాకా

మొన్న నేను రాసిన ఒక పీసు సంగతి పూర్తిగా చెబుతాను. థింక్‌ప్యాడ్ టీ480. 2018లో వచ్చిన మోడల్, 14 అంగుళాల స్క్రీను, ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఈ మోడల్‌కి గిరాకీ ఎక్కువ. విప్పడం తేలిక, ముక్కలు దొరుకుతాయి.

ముందు బ్యాటరీ. ఈ మోడల్‌లో రెండుంటాయి. ఒకటి లోపల, ఇంకోటి అడుగున బయట బిగించేది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే విండోస్ తనే ఒక నివేదిక తయారు చేస్తుంది:

```
powercfg /batteryreport
```

అందులో రెండు అంకెలు చూడాలి. DESIGN CAPACITY అంటే పుట్టినప్పుడు పట్టిన ఛార్జి, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు పడుతున్నది. మా పీసులో లోపలి బ్యాటరీ దాదాపు 24,000 నుంచి 14,900కి దిగింది, అంటే 62 శాతం. బయటిది 23,900 నుంచి 20,300కి, 85 శాతం. రెండూ కలిపితే 73 శాతం. ఇక్కడే ఒక తెలివైన మోసానికి దారి ఉంది. నివేదికలో రెండో వరసని మాత్రమే ఫొటో తీసి పెడితే 85 శాతం కనపడుతుంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు, మొత్తం మీద అబద్ధం. అందుకే రెండు వరసలూ ఒకే ఫొటోలో ఉండాలి.

నివేదికనీ గుడ్డిగా నమ్మకూడదు. చాలాకాలం వాడకుండా పడున్న బ్యాటరీ తన లెక్క తనే తప్పు చెబుతుంది, ఛార్జింగ్ ఎన్నిసార్లు ఎక్కిందో చెప్పాల్సిన CYCLE COUNT దగ్గర కొన్ని లాప్‌టాపులు గీత గీసి ఊరుకుంటాయి. కాబట్టి నిండా ఛార్జి చేసి, వెలుతురు సగానికి తగ్గించి, ఒక గంట సినిమా నడిపిస్తాను. ఈ పీసు గంటలో 24 శాతం తాగింది. అంటే నాలుగు గంటలు. "బ్యాటరీ బాగుంది" అనే మాటకి అర్థం వంద మందికి వంద రకాలు. "సగం వెలుతురులో వీడియో నడిపితే సుమారు 4 గంటలు" అంటే అందరికీ ఒకటే అర్థం.

స్క్రీను. నిండా తెలుపు, నిండా నలుపు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టి చూడాలి. తెలుపులో కుడివైపు కింది మూలన, అంచు నుంచి రెండు వేళ్ల దూరంలో, రాగి గింజంత మెరుపు మచ్చ కనపడింది. దీన్ని మేం ప్రెషర్ మార్కు అంటాం. మూసి ఉన్న లాప్‌టాప్ మీద బరువు పడ్డప్పుడు స్క్రీను వెనక వెలుతురుని పరిచే పొరలు ఆ ఒక్కచోట నొక్కుకుపోతాయి. అక్కడ వెలుతురు కాస్త ఎక్కువగా వస్తుంది. నలుపు మీద, సినిమా చూసేటప్పుడు కనపడదు. వర్డ్ ఫైలు తెరిస్తే కనపడుతుంది.

ఇక్కడ కొనేవాడు అడగని, అమ్మేవాడు తప్పక చెప్పాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ లోపం ఉన్నచోటే ఉంటుందా, పెరుగుతుందా? ప్రెషర్ మార్కు మళ్లీ బరువు పెట్టనంతవరకూ మామూలుగా అలాగే ఉంటుంది. స్క్రీను మీద నిలువు గీత ఒకటి వచ్చిందంటే మాత్రం ఈ రోజు ఒకటి, రేపు మూడు. కీళ్ల దగ్గర చిన్న పగులు ఉంటే మూత తెరిచి మూసిన ప్రతిసారీ అది ఇంకాస్త విడుతుంది, చివరికి మూత చేతికొస్తుంది. రెండూ ఫొటోలో ఒకే సైజు గీతలే. ఒకటి ముసలితనం, ఇంకోటి జబ్బు. నేను ప్రతి లోపం పక్కనా "పెరగదు" అనో "పెరిగే అవకాశం ఉంది" అనో రాస్తాను. పెరిగేదానికి ధర ఎంత తగ్గించినా, ఆ రెండు మాటలు రాయకుండా అమ్మను. బ్యాటరీ ఉబ్బిన పీసునైతే లోపం రాసి అయినా అమ్మను. ఉబ్బు పైకి కనపడక్కర్లేదు, టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం మానేసి ఒకవైపు పైకి లేచినట్టుంటే లోపల బ్యాటరీ దాన్ని తోస్తోందని అనుమానించాలి. బ్యాటరీ తీసేశాకే మిగతా మాట.

వేలిముద్ర రీడర్ పనిచేయడం లేదు. ఒంటి సంగతికొస్తే పై మూత మీద గోరు పడే గీత ఒకటి, మూడు సెంటీమీటర్లు, లోగోకి కుడివైపున. కీబోర్డు మీద స్పేస్ బార్ మెరుగు తేలింది. మా లెక్కలో బీ.

ఇక లేని ముక్కలు. వీటి గురించి రాసేవాళ్లు తక్కువ. కనపడే గీతని కన్ను పట్టుకుంటుంది, లేనిదాన్ని పట్టుకోదు. అడుగున నాలుగు రబ్బరు కాళ్లలో ఒకటి లేదు. కీబోర్డు మధ్యలో ఉండే ఎర్ర బుడిపె టోపీ లేదు. ఇవి చిల్లర సామాన్లు, బయట దొరుకుతాయి. ఛార్జరు కంపెనీది కాదు, అదే 65 వాట్ల టైప్ సీ, వేరే తయారీ. దీన్ని "ఛార్జర్‌తో సహా" అని రాసేస్తే ఎవరూ అడగరు, అందుకే రాయాలి.

లేని ముక్కల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది డిస్కు ట్రే. పాత యజమాని కంపెనీ డేటా భద్రత కోసం డిస్కు పీకేసుకుంటుంది. డిస్కుతో పాటు దాన్ని పట్టుకునే లోహపు ట్రే, బోర్డుకి కలిపే చిన్న కేబులు కూడా పోతాయి. అలాంటి పీసుని "డిస్కు లేదు, మీరు వేసుకోవాలి" అని తక్కువ ధరకి అమ్ముతారు. కొన్నవాడు డిస్కు తెస్తాడు, అది కూర్చోవడానికి చోటు లేదు. ఆ మోడల్ కేబులు కోసం బజారంతా తిరుగుతాడు. "డిస్కు, ట్రే, కేబులు మూడూ లేవు" అని రాయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? అయినా రాయరు.

అదృష్టం కొద్దీ టీ480లో మూడూ ఉన్నాయి.

తాళాలు, తరాలు

గీతలూ మచ్చలూ ఎంత బాగా రాసినా, రెండు సంగతులు రాయకపోతే ఆ లిస్టింగ్ దండగ. మొదటిది తాళం. కంపెనీ లాప్‌టాపుల్లో చాలావాటి నంబరు విండోస్ ఆటోపైలట్ అనే పద్ధతిలో ఆ కంపెనీ పేరు మీద నమోదై ఉంటుంది. లీజు ముగిశాక ఆ నమోదు తీసేయాలి. కొన్నిసార్లు మర్చిపోతారు. అమ్మేవాడు ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కిస్తే అంతా మామూలుగానే ఉంటుంది. ఏడాది తర్వాత కొన్నవాళ్లు రీసెట్ కొట్టి వైఫై కలపగానే ఏదో తెలియని కంపెనీ పేరు, ఉద్యోగి లాగిన్ అడుగుతూ తెర మీదికొస్తుంది. అప్పుడు ఆ పిల్ల ఎవరిని అడగాలి? అందుకే మా కౌంటర్లో ప్రతి పీసునీ పూర్తిగా రీసెట్ చేసి, మొదటి తెర దగ్గరే వైఫై కలిపి చూస్తాం. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందేమో కూడా అప్పుడే చూస్తాం. టీ480 శుభ్రంగా దాటింది.

రెండోది తరం. "ఐ5 లాప్‌టాప్" అని మాత్రమే రాసే ప్రకటనలు చూస్తే నాకు "డిగ్రీ చదివాడు" అని మాత్రమే చెప్పే పెళ్లిళ్ల పేరయ్య గుర్తొస్తాడు. ఏ డిగ్రీ, ఏ సంవత్సరం? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే, అంతకు ముందువాటిలో ఏవో కొన్ని మినహాయింపులు తప్ప. ఏడో తరం ఐ5, ఎనిమిదో తరం ఐ5 పక్కపక్కన పెడితే ఒంటి తీరు ఒకటే, స్టిక్కరు దాదాపు ఒకటే. కానీ ఒకదానికి భద్రతా అప్‌డేట్లు మామూలుగా అందుతాయి, ఇంకోదానికి అందవు. ఇది గీత కాదు, మచ్చ కాదు, కానీ కొనేవాడి రేపటి వాడకాన్ని వాటికంటే ఎక్కువగా తేల్చేది ఇదే. ప్రాసెసర్ పేరు i5-8350U అని పూర్తి నంబరుతో రాయాలి. i5 తర్వాత వచ్చే 8 అంకే తరం.

ఇక మా మార్కెట్లో అన్నిటికన్నా ఎక్కువ దుర్వినియోగమయ్యే మాట "చెక్ చేయలేదు". నిజంగా చెక్ చేయలేని సందర్భాలు ఉంటాయి. మా దగ్గర డాకింగ్ స్టేషన్ లేదు, కాబట్టి ఆ కనెక్షను నేను చూడలేను. అలా కారణం చెప్పి రాస్తాను. ఛార్జరు లేక ఆన్ చేసి చూడలేదు అని లాప్‌టాపుల మధ్య కూర్చున్న వ్యాపారి రాస్తే మాత్రం నవ్వొస్తుంది. పక్క కౌంటరు నుంచి ఛార్జరు అడిగి తెచ్చుకోవడానికి పది అడుగులు. చూశాడు, ఆన్ కాలేదు, అందుకే చూడలేదంటున్నాడు. ఒక భాగం గురించి చెప్పగలిగినవి మూడే మాటలు: పనిచేస్తుంది, పనిచేయదు, ఫలానా కారణంగా చూడలేదు.

ఫొటోల గురించి ఒక్క మాట. కంపెనీ వెబ్‌సైట్ ఫొటో ఒక్కటి కూడా వాడకూడదు, అదే పీసు ఫొటోలే ఉండాలి. గీత ఫొటోని పక్క వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే సైజు అర్థమవుతుంది. లోపాల ఫొటోలు చివర్న దాచకుండా మొదటి ఫొటో తర్వాత వెంటనే పెట్టాలి. పద్నాలుగో ఫొటో దాకా ఎవరూ జరపరని అందరికీ తెలుసు.

టీ480కి నేను చివరికి రాసింది ఇది:

"థింక్‌ప్యాడ్ టీ480, i5-8350U, ఎనిమిదో తరం, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ 11 ఉంది. రీసెట్ చేసి వైఫైతో చూశాం, కంపెనీ తాళం లేదు, బయోస్ పాస్‌వర్డ్ లేదు. చూపుకి బీ గ్రేడు: మూత మీద లోగోకి కుడివైపు 3 సెం.మీ. గీత, గోరు పడుతుంది. స్పేస్ బార్ మెరుగు తేలింది. స్క్రీను: కుడి కింది మూలన రాగి గింజంత తెల్ల మచ్చ, తెలుపు మీద మాత్రమే కనపడుతుంది, పెరగదు. బ్యాటరీలు రెండు: లోపలిది 62 శాతం, బయటిది 85 శాతం. వీడియోకి సుమారు 4 గంటలు. వేలిముద్ర రీడర్ పనిచేయదు. లేనివి: ఒక రబ్బరు కాలు, ఎర్ర బుడిపె టోపీ. ఛార్జరు 65 వాట్లు, కంపెనీది కాదు. డాకింగ్ కనెక్షను చూడలేదు, మా దగ్గర డాక్ లేదు. పదిహేను రోజుల టెస్టింగ్ వారంటీ. పైన రాయని లోపం ఏది కనపడినా వెనక్కి తీసుకుంటాం."

చివరి వాక్యమే మిగతావన్నీ ఎందుకు రాశానో చెబుతుంది. రాసిన లోపానికి కొనేవాడు ధర తగ్గించుకుని ముందే ఒప్పుకున్నాడు. రాయని లోపం నా ఖాతా. తగాదా వస్తే మధ్యలో ఎవరి మాటా అక్కర్లేదు, కాగితం చూసుకుంటే సరిపోతుంది.

చట్టం కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచిస్తుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకి సరిపోవాలి. అదే చట్టం ఇంకో వైపు నుంచి, కొనేవాడు వస్తువుని పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో తెలియాల్సిన లోపాల మీద తర్వాత పేచీ పెట్టడానికి వీల్లేదంటుంది. మా కౌంటర్లో చేత్తో పట్టుకుని చూసినవాడికి ఇది వర్తిస్తుంది కానీ ఫొటో చూసి కొన్నవాడు దేన్ని పరీక్షించాడు? నా రాతని మాత్రమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత వస్తువుని, బాగుచేసిన వస్తువుని కొత్తదిగా చూపడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవాడు, ప్రకటించిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అనడానికి లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మా కౌంటరు గోడ మీద ఆ నంబరు అతికించాను. పక్క కౌంటరు మిత్రుడు దాన్ని చూసి "సొంత కొంపకి నిప్పు పెట్టుకుంటున్నవ్ తమ్మీ" అన్నాడు.

ఇంత రాస్తే ఎవరు కొంటారని కూడా అడిగాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. ఫోన్లు తగ్గాయి. "మీ దాంట్లో ఇన్ని లోపాలున్నాయేంటి, ఫలానా వాళ్లది లైక్ న్యూ అట, మీకంటే వెయ్యి తక్కువ" అనే కాల్స్ వారానికి రెండు మూడు వస్తాయి. వాళ్లు అక్కడే కొంటారు. వచ్చే ఫోన్లు మాత్రం వేరే రకం. "మచ్చ ఉన్నచోట టాస్క్‌బార్ వస్తుందా?" లాంటి ప్రశ్నలు. అలా అడిగేవాడు సగం కొన్నట్టే. వెనక్కొచ్చే డబ్బాలు ఎంత తగ్గాయో మా కొరియర్ కుర్రాడికి నాకంటే బాగా తెలుసు.

టీ480 కోసం నల్గొండ నుంచి బీటెక్ చదివే కుర్రాడు స్వయంగా వచ్చాడు. ఫోన్లో నా రాత తెరిచి పెట్టుకుని, వరసగా ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. గీత మీద గోరు పెట్టాడు. రబ్బరు కాళ్లు లెక్కపెట్టాడు. తెలుపు తెర పెట్టి మచ్చ కోసం వెతికాడు, దొరకలేదు. "ఏడుంది అన్నా?" అంటే నేనే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఇక డబ్బులు తీస్తాడనుకుంటుండగా బ్యాగులోంచి వైరు ఇయర్‌ఫోన్లు తీసి గుచ్చాడు. పాట పెట్టాడు. ఒక చెవిలోంచి తీసి రెండో చెవిలో పెట్టుకున్నాడు. "అన్నా, ఎడమ దిక్కు వస్తలేదు."

స్పీకర్లు చూశాను. మైకు చూశాను. ఇయర్‌ఫోన్ జాక్‌లో వైరు గుచ్చి ఎప్పుడూ చూడలేదు. అతను బేరం కూడా ఆడలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. మూడు వందలు తగ్గించాను. బిల్లు వెనక "ఇయర్‌ఫోన్ జాక్, ఎడమ చానల్ పనిచేయదు" అని రాసి సంతకం పెట్టాను. అతను వెళ్లాక డ్రాయరు తెరిచి పాత ఇయర్‌ఫోన్లు ఒకటి వెతికి, మేకుకి తగిలించాను. చెక్ షీటులో అప్పటిదాకా ఇరవై రెండు గడులున్నాయి. స్కేలు పెట్టి ఇరవై మూడోది గీసి, షెల్ఫులో ఉన్న పద్నాలుగు పీసులూ మళ్లీ కిందికి దించాను.